మనవడికి ఏ తేదీ రాయాలి?

ప్రశ్న: కోనసీమలో ఉంటున్న రిటైర్డ్ లెక్కల మాస్టారిని. మనవడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఏడాదికి పదిహేను రోజులు సెలవు. 2022లో దీపావళి అక్టోబర్ 24న వచ్చింది కదా అని, 2023లో నేనే వాణ్ణి అక్టోబర్ చివర్లో రమ్మన్నాను. 26న వచ్చి నవంబర్ 8న వెళ్ళిపోయాడు. పండగ 12న వచ్చింది. ఆ తప్పు ఇంకా నన్ను పొడుస్తోంది. మా ఆవిడ 2024 సెప్టెంబర్ 29న, భాద్రపద బహుళ ద్వాదశి నాడు పోయింది. ఈ 2026లో ఆ సెప్టెంబర్ 29కి నానమ్మ తద్దినానికి వస్తానంటున్నాడు. కోడలేమో సంక్రాంతికి వస్తే చాలంటోంది. "తాతయ్యా, పండగలు ఎందుకిలా మారిపోతాయో, ఏది ఎప్పుడో ఒక ఉత్తరం రాయి, దాన్ని చూసి సెలవులు పెట్టుకుంటాను" అన్నాడు. గోడ క్యాలెండర్ ఫొటో తీసి పంపితే అర్థం కాలేదట. మూడుసార్లు రాసి చింపేశాను. ఏం రాయాలి? నాకోసం రమ్మని అడగవచ్చా?

జవాబు: మాస్టారూ, నాలుగోసారి రాసేటప్పుడు పండగలతో మొదలుపెట్టకండి. ముందు నానమ్మ తిథితో మొదలుపెట్టండి. ఆ సెప్టెంబర్ 29 పట్టుకుని వాడు టికెట్ కొనేస్తే మీ ఇంట్లో 2023 మళ్ళీ జరుగుతుంది. అదీకాక, వాడికి పంచాంగం నేర్పడానికి ఇంతకన్నా మంచి లెక్క మీకు దొరకదు.

ఆ మూడేళ్ల తేదీలనూ ఒకదాని కింద ఒకటి రాయండి. భాద్రపద బహుళ ద్వాదశి 2024లో సెప్టెంబర్ 29న వచ్చింది. 2025లో, మీరు సంవత్సరీకం పెట్టిన ఏడాది, సెప్టెంబర్ 18న వచ్చింది. 2026లో అక్టోబర్ 7 ప్రాంతంలో వస్తుంది. మొదటిసారి పదకొండు రోజులు తొందరగా వచ్చింది, రెండోసారి పంతొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తోంది. వాడు ఇంగ్లీషు తేదీకే వస్తే ఎనిమిది రోజులు ముందే వచ్చి కూర్చుంటాడు. "ఏటా పదకొండు రోజులు తగ్గుతుందట" అని ఎవరో చెప్పింది నమ్మి తీసివేత చేసుకుంటే సెప్టెంబర్ 7 వస్తుంది. అప్పుడు నెల రోజుల తేడా. ఈ మూడు తేదీలు ఎందుకు ఇలా నడిచాయో వాడికి తెలిస్తే, దసరా, దీపావళి, వినాయక చవితి, ఉగాది అన్నీ తెలిసినట్టే. ఇవన్నీ ఒకే తాడు మీద నడుస్తాయి.

కారణం మీకు చెప్పేంతవాణ్ణి కాను. వాడికి ఏ మాటల్లో చెబితే ఎక్కుతుందో మాత్రం చెబుతాను. అమావాస్య నుంచి అమావాస్యకు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అలాంటివి పన్నెండు కలిపితే 354. వాడి ఆఫీసు ఏడాది 365. అందుకే చంద్రుణ్ణి పట్టుకుని నడిచే పండగ ఏటా పది పదకొండు రోజులు తొందరపడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఏమవుతుందో రంజాన్‌ను చూపించండి. వాడి చిన్నప్పుడు రంజాన్ చలికాలంలో వచ్చేది, తర్వాత ఎండాకాలంలోకి వచ్చింది, ఇప్పుడు మళ్ళీ శీతాకాలం వైపు వెళుతోంది. సుమారు ముప్పై మూడేళ్లకు అది ఏడాదంతా చుట్టి వస్తుంది. మన పండగలు పంటలకూ రుతువులకూ కట్టుబడినవి కాబట్టి, రెండున్నర మూడేళ్లకోసారి ఒక నెలను అదనంగా చేర్చి వాటిని వెనక్కి లాక్కొస్తాం. ఆ నెలే అధిక మాసం. ఏ చాంద్రమాసంలో సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశికి మారడో ఆ మాసం అధికం. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. దాని తర్వాత వచ్చే పండగలన్నీ ఒక నెల ఆలస్యమవుతాయి. మామూలుగా తగ్గే పదకొండు అందులోంచి పోతే పంతొమ్మిది మిగులుతుంది. నానమ్మ తిథి సెప్టెంబర్ 18 నుంచి అక్టోబర్ 7కు వెళ్ళింది ఆ లెక్కనే.

ఇప్పుడు మీ 2023 సంగతి. ఆ ఏడాది జులై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చింది. దీపావళి అక్టోబర్ 24 నుంచి నవంబర్ 12కు, సరిగ్గా పంతొమ్మిది రోజులు ఆలస్యమైంది. మీరు తేదీని గుర్తుపెట్టుకున్నారు కానీ మధ్యలో అధిక మాసం ఉందేమో చూడలేదు. తప్పు అంతే. దీన్ని ఉత్తరంలో దాచకండి. "ఆ ఏడాది నేను ఇక్కడ పొరపడ్డాను" అని రాసి లెక్క చూపించండి. నియమం కన్నా ఆ పొరపాటే వాడికి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఒక్క మాట విషయంలో జాగ్రత్త. "పండగ ముందుకు జరిగింది", "వెనక్కి వెళ్ళింది" అని రాయకండి. అవి మనకే గందరగోళం. ముందుకు అంటే తొందరగా వచ్చిందని ఒకరూ, తర్వాత తేదీకి పోయిందని ఇంకొకరూ అనుకుంటారు. మా అన్నయ్య కొడుకు ఆ ఒక్క మాటతోనే వారం తేడాగా టికెట్ కొన్నాడు. "తొందరగా", "ఆలస్యంగా" అని రాయండి.

ఉగాది దగ్గర పిల్లలు తికమకపడతారు, అది విడిగా చెప్పాలి. 2025లో ఉగాది మార్చి 30. 2026లో మార్చి 19. అధిక మాసం వచ్చిన ఏడాదే కదా, ఆలస్యం కావాలి కదా అని అడుగుతాడు. అధిక జ్యేష్ఠం ఉగాది అయిపోయాక వచ్చింది. దాని ప్రభావం ఆ తర్వాతి పండగల్లో కనిపిస్తుంది. 2025లో ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి 2026లో సెప్టెంబర్ 14కు పోయింది. ఉగాదికి ఆ బాకీ వచ్చే ఏడాది తీరుతుంది. అందుకే 2027 ఉగాది ఏప్రిల్ 7. తర్వాత అధిక మాసం 2029 చైత్రంలో. అంటే 2027, 2028 రెండేళ్లూ దసరా దీపావళులకు వాడు పది నుంచి పన్నెండు రోజులు తీసేసుకుంటే చాలు. దీపావళి 2026లో నవంబర్ 8, 2027లో అక్టోబర్ 29, 2028లో అక్టోబర్ 17. ఈ మూడు తేదీలు రాసి, 2029 దగ్గర "ఆగి నన్నడుగు" అని రాయండి.

ఇక సంక్రాంతి. ఇది చంద్రుడి పండగ కాదు, సూర్యుడు మకర రాశిలో అడుగుపెట్టే క్షణం. అధిక మాసంతో దీనికి పని లేదు. కాబట్టి వాడు మూడేళ్ల ముందైనా టికెట్ కొనుక్కోగల పండగ ఇదొక్కటే. 14వ తేదీయా, 15వ తేదీయా అన్న చిన్న ఊగిసలాట మాత్రం ఉంటుంది. సంక్రమణం ఏటా ఆరు గంటల పైచిలుకు ఆలస్యమవుతుంది, నాలుగేళ్లకోసారి ఫిబ్రవరి 29 దాన్ని మళ్ళీ ఒక రోజు తొందరగా తెస్తుంది. 2027లో అది జనవరి 14 రాత్రి, సూర్యాస్తమయం అయ్యాక వస్తుంది. కాబట్టి పండగ మర్నాటికి పోతుంది. 14 గురువారం భోగి, 15 శుక్రవారం సంక్రాంతి, 16 శనివారం కనుమ, 17 ఆదివారం ముక్కనుమ. ఆ ఆరు గంటల మీద మిగిలే నిమిషాలు పేరుకుని, 1900 లాంటి ఏళ్లలో ఫిబ్రవరి 29 లేకపోవడం కూడా తోడై, సుమారు డెబ్భై ఏళ్లకు పండగ ఒక రోజు ఆలస్యమవుతుంది. స్వామి వివేకానంద పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజే. లెక్కల మాస్టారి మనవడికి ఈ సంగతి నచ్చుతుందనుకుంటాను.

వాడు తన ఫోన్‌లో పంచాంగం చూసుకుంటానంటే ఒక హెచ్చరిక చేయండి. తిథి ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో మొదలవుతుంది కానీ, ఆ క్షణంలో మీ ఊళ్లో పొద్దున అయితే డల్లాస్‌లో ముందురోజు రాత్రి. ఫోన్ తానున్న ఊరి సూర్యోదయం పట్టుకుని తేదీ చూపిస్తుంది. అది ఒక్కోసారి మీ తేదీకి ఒక రోజు ముందుంటుంది. ఊరి పేరు దగ్గర రాజమహేంద్రవరం పెట్టుకుని చూడమనండి. దాంతోపాటు, ఏ పండగకు తిథి ఏ వేళకు ఉండాలన్నది కూడా వేర్వేరు. ఉగాదికి సూర్యోదయానికి పాడ్యమి కావాలి, వినాయక చవితికి మధ్యాహ్నానికి చవితి కావాలి, దీపావళికి సాయంత్రం దీపాల వేళకు అమావాస్య కావాలి, తద్దినానికి అపరాహ్ణంలో తిథి ఉండాలి. అందుకే ఒకే తిథి రెండు రోజుల మీద పడినప్పుడు రెండు క్యాలెండర్లలో రెండు తేదీలు కనిపిస్తాయి. నేను అక్టోబర్ 7 "ప్రాంతంలో" అన్నది ఇందుకే. మీ పురోహితుణ్ణి అడిగి ఆ ఒక్క తేదీ ఖాయం చేసుకుని, అప్పుడే ఉత్తరంలో రాయండి.

ఇక్కడిదాకా పంచాంగం. ఇప్పుడు పదిహేను రోజుల సెలవు సంగతి.

ముందుగా వాడిని ఒక ప్రశ్న అడగండి: సెలవుల ఖాతా జనవరి 1న కొత్తగా మొదలవుతుందా, లేక ఉద్యోగంలో చేరిన తేదీ నుంచా? ఈ జవాబు మీద సగం సమస్య తేలుతుంది. జనవరిలో మారేటట్టయితే తద్దినమూ సంక్రాంతీ ఒకే పదిహేను రోజుల కోసం కొట్టుకోవు. అక్టోబర్ ప్రయాణం 2026 ఖాతాలోంచి, సంక్రాంతి ప్రయాణం 2027 ఖాతాలోంచి పోతాయి. మీకూ కోడలికీ మధ్య ఉన్న పేచీ అసలు పేచీయే కాకపోవచ్చు.

తద్దినానికి వస్తే రెండు రకాలుగా రావచ్చు. అక్టోబర్ 5 సోమవారానికి ఇంటికి చేరి, 11 ఆదివారం తిరిగి బయల్దేరితే అయిదు రోజుల సెలవు సరిపోతుంది. కానీ అంత దూరం వచ్చి, పగలు నిద్ర రాత్రి మెలకువ సర్దుకునేలోపే వెళ్ళిపోతాడు. అదే 21 దాకా ఉంటే, మధ్యలో 10న మహాలయ అమావాస్య, 20న విజయదశమి కూడా దక్కుతాయి. దానికి పదమూడు రోజుల సెలవు కావాలి. ఆ ఏడాదికి వాడి చేతిలో రెండు రోజులే మిగులుతాయి, దీపావళికి వాడు ఉండడు. జ్వరం వచ్చినా, ఇంకేదైనా అవసరం పడినా అంతకుమించి సెలవు ఉండదు. ఈ మాట మీరే ముందుగా రాయండి. పెద్దవాళ్ళు రాయకపోతే పిల్లలు మొహమాటానికి సరే అనేస్తారు.

దసరా, దీపావళి రెండూ ఒకే రాకలో చూస్తానంటే 2026లో కుదరదనే నా అభిప్రాయం. దశమి నుంచి అమావాస్యకు ఇరవై రోజులు. ఇది ఏ ఏడాదైనా అంతే, ఒకటీ అరా తేడా. అక్టోబర్ 19 సోమవారం నుంచి నవంబర్ 9 సోమవారం దాకా పని రోజులు పదహారవుతాయి. ఆఫీసువాళ్లు కొన్నాళ్లు మీ ఇంటి నుంచి పని చేయనిస్తే తప్ప పదిహేనులో ఇమడదు. అలా చేసినా అమెరికా వేళలకు రాత్రంతా మేలుకుని, పగలు పండగ చేసుకోవాలి.

సంక్రాంతికి మాత్రం 2027 చాలా కలిసొచ్చింది. జనవరి 11 సోమవారానికి హైదరాబాద్‌లో దిగితే చాలు. కనుమ, ముక్కనుమ శనాదివారాల్లో పడ్డాయి. 18 సోమవారం అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ దినం, చాలా ఆఫీసులకు సెలవు. వాడి ఆఫీసుకూ ఉంటే అయిదు రోజుల సెలవుతో భోగి మంట నుంచి ముక్కనుమ దాకా ఉండి, 18న బయల్దేరి అక్కడి తేదీ ప్రకారం అదే రోజు చేరిపోతాడు. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. చేలల్లోంచి, కౌశిక నీళ్లలోంచి ప్రభను భుజాలమీద దాటించడం వాడు చిన్నప్పుడు చూసి ఉంటాడు. దానికి 16వ తేదీ ఇంటి దగ్గర ఉండాలి. ఇక్కడ విమానం కన్నా హైదరాబాద్ నుంచి మీ ఊరు చేరడమే కష్టం. రైలు టికెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందే ఇస్తున్నారు. 12న ఎక్కాలంటే నవంబర్ 13 పొద్దున్నే బుక్ చేయాలి, గంట ఆలస్యమైతే వెయిటింగ్ లిస్టే. ఆ పని వాడికి వదలకుండా మీరో, మీ అబ్బాయో చూసుకోండి. లేదంటే మధురపూడికి విమానం. దానికి రేటు పండగ ముందు బాగా పెరుగుతుంది, అక్టోబర్‌లోనే కొనడం నయం. తిరుగు ప్రయాణం ఇంకా ఇబ్బంది. ముక్కనుమ రాత్రి కోనసీమ అంతా హైదరాబాద్ వైపే కదులుతుంది కాబట్టి, 18 తెల్లవారుజామున విమానం ఉంటే 16 రాత్రే బయల్దేరవలసి రావచ్చు. అప్పుడు ముక్కనుమ వదులుకోవాలి. లేదా 19 కూడా సెలవు పెట్టాలి. ఇది వాడే తేల్చుకోవాలి.

అడగవచ్చా అన్నారు. అడగండి. అయితే తద్దినం పేరు చెప్పి అడగకండి. తద్దినానికి కర్త మీ అబ్బాయి. మనవడు లేకపోతే కర్మకు లోటేమీ రాదు. ఆ సంగతి వాడికి తెలియకపోవచ్చు, తాను రాకపోతే నానమ్మకు అపచారం జరుగుతుందని భయపడుతూ ఉండవచ్చు. ఆ భయం తీసేసి, అప్పుడు మీ మాట చెప్పండి. భార్య పోయాక ఇంట్లో ఒక్కరే కూర్చుని మూడు ఉత్తరాలు చింపిన మనిషికి మనవణ్ణి చూడాలని ఉండటంలో సంకోచించాల్సిందేమీ లేదు. ఇంచుమించు ఇలా రాయవచ్చు:

"చిరంజీవి కన్నయ్యకు తాతయ్య ఆశీస్సులు. నానమ్మ తిథి ఈసారి సెప్టెంబర్ 29న కాదు, అక్టోబర్ ఏడున. ఎందుకో కింద లెక్క వేశాను, చూడు. ఆ రోజు పిండం పెట్టేది మీ నాన్న, నువ్వు లేకపోతే తప్పేమీ లేదు. కానీ ఆ వారంలో ఇల్లు నాకు చాలా ఖాళీగా ఉంటుంది. నువ్వుంటే నాకు బాగుంటుంది. సంక్రాంతికి వస్తే మీ అమ్మకు బాగుంటుంది, ప్రభలు నీకు దక్కుతాయి. రెండింటికీ రాగలిగితే రా. ఒకదానికే అయితే నీ సెలవూ నీ డబ్బూ చూసుకుని నువ్వే ఎంచుకో. నేను రాసిన తేదీలన్నీ మన ఇంట్లో ఉండవలసిన తేదీలు, అక్కడ విమానం ఎక్కే తేదీలు కావు. రెండు రోజులు ముందు బయల్దేరు."

ఆ చివరి రెండు వాక్యాలు మాత్రం మరిచిపోకండి. డల్లాస్‌లో శనివారం ఎక్కిన పిల్లవాడు మీ గుమ్మం తొక్కేసరికి సోమవారం అవుతుంది. ఈ రెండు రోజుల్ని లెక్కలో వేసుకోక భోగి మంట ఆరిపోయాక చేరినవాళ్లు నాకు తెలుసు.

ఉత్తరం పోస్టు చేయకముందే కోడలికి చదివి వినిపించండి. ఇద్దరూ రెండు తేదీలు చెబితే వాడు ఏదీ కొనడు. ఇక 2027 ఏప్రిల్ 7 నుంచి వచ్చే తిథులకు ఇప్పుడు మీ దగ్గరున్న పరాభవ నామ సంవత్సర పంచాంగం చాలదు. ప్లవంగ పంచాంగం చేతికి రాగానే నానమ్మ తిథి సెప్టెంబర్ చివరి వారంలో ఏ రోజు వస్తుందో చూసి, ఇంకో ఉత్తరం రాయండి.